ఫొటోల్లో వచ్చిన వోచరు పుస్తకం

కామర్సు విద్యార్థులకు చిల్లర ఖర్చుల పుస్తకం, అంటే పెట్టీ క్యాష్ బుక్కు, కొత్త విషయం కాదు. ఇంటర్మీడియట్‌లోనే ఆ లెక్క చేసి ఉంటారు. ప్రశ్నపత్రంలో తేదీలు వరుసగా ఉంటాయి, అంకెలు అచ్చులో ఉంటాయి, పోస్టేజీ ఇంత, స్టేషనరీ ఇంత అని స్పష్టంగా ఇస్తారు. గళ్లు కొట్టి, కూడి, నిల్వ తేల్చడమే మన పని. మార్కులు కూడా సులభంగానే వస్తాయి. నాకూ వచ్చాయి. అయితే చదువు ముగించి ఉద్యోగంలో చేరిన తర్వాత ఒక అసలు వోచరు పుస్తకాన్ని ఎత్తి రాయవలసి వచ్చినప్పుడు, ఆ మార్కులు నాకేమీ ఉపకారం చేయలేదు. ఆ సంగతే ఈ వ్యాసంలో వివరిస్తాను.

2024 జూలైలో నేను ఎల్.బి. నగర్ వైపున్న ఒక చిన్న కాంట్రాక్టరు ఆఫీసులో లెక్కలు రాసేవాణ్ణి. ఆయనకు సాగర్ రోడ్డు మీద శేరిగూడలో ఒక భవనం పని నడుస్తున్నది. సైటులో ఒక కుర్రవాడు గుమాస్తాగా ఉండేవాడు. అతని చేతిలో పదివేల రూపాయలు, ఒక ఇనుప గల్లా పెట్టె, ఒక వోచరు పుస్తకం. మేకులు, బైండింగు వైరు, ఆటో ట్రాలీ కిరాయి, నీళ్ల ట్యాంకరు, కూలీల చాయ్ ఖర్చు, ఇవన్నీ అతనే ఇచ్చి వోచరు రాసేవాడు. పదిహేను రోజులకొకసారి ఖర్చయిన మొత్తం ఎంతో అంతే మళ్లీ ఆఫీసు నుంచి పంపి పదివేలు పూర్తి చేసేవారు. దీనినే మన పాఠ్యపుస్తకాలు ఇంప్రెస్ట్ పద్ధతి అంటాయి. ఇందులో గుర్తు పెట్టుకోవలసిన సూత్రం ఒక్కటే. పెట్టెలో ఉన్న రొక్కం, ఇంకా ఆఫీసు నుంచి డబ్బు రాని వోచర్ల మొత్తం, ఈ రెండూ కలిపితే ఏ రోజు చూసినా, ఏ గంట చూసినా పదివేలే రావాలి.

వోచరు పుస్తకం సైటు విడిచి రాకూడదు, ఎందుకంటే రోజూ దానితో పని ఉంటుంది. అందువల్ల ఆ కుర్రవాడు పుస్తకాన్ని ఫోనుతో ఫొటోలు తీసి పంపేవాడు. నేను వాటిని చూసి కంప్యూటరులో రిజిస్టరు రాసేవాణ్ణి. జూలై 15 సాయంత్రం పెట్టె లెక్కపెట్టారు. 16 ఉదయం ఫొటోలు వచ్చాయి. మధ్యాహ్నానికి నేను రిజిస్టరు పూర్తి చేసి, పెట్టెలో 280 రూపాయలు తక్కువ ఉన్నాయని యజమానికి చెప్పాను. ఆయన అక్కడికక్కడే, వాడి జీతంలో కోసెయ్యండి అన్నారు. ఫోనులో ఆ కుర్రవాడు ఒకటే మాట అన్నాడు. "అన్నా, నేను ఒక్క పైస ముట్టలే. మీరు మళ్లొకసారి చూడుండ్రి."

మళ్లీ చూశాను. ఎలా చూశానో చెప్పే ముందు, మొదటిసారి ఎలా చూసి ఉండవలసిందో చెప్పడం న్యాయం.

ముందు పుస్తకం స్వరూపం తెలియాలి. మాది యాభై నంబర్ల పుస్తకం. ఒక్కొక్క నంబరుకు రెండు కాగితాలు. పైది అసలు, కిందిది కార్బన్ నకలు. కుడివైపు పై మూలలో నంబరు ఎర్ర సిరాలో అచ్చయి ఉంటుంది. అసలు కాగితం చింపి బిల్లుతో కలిపి గుండుసూది గుచ్చి ఫైలులో పెడతారు. నకలు పుస్తకంలోనే ఉంటుంది. మాకు ఫొటోల్లో వచ్చేది ఆ నకలే. ఇది చిన్న విషయంలా కనబడుతుంది గాని చాలా ముఖ్యం. చింపిన తర్వాత ఎవరైనా అసలు కాగితం మీద ఒక సున్నా చేర్చితే, ఆ సున్నా నకలు మీద పడదు. అలాగే చింపిన తర్వాత తీసుకున్న సంతకం కూడా నకలు మీద ఉండదు. కనుక ఫొటోలో సంతకం లేనంత మాత్రాన సంతకం లేదని రాయకూడదు. "నకలులో లేదు" అని మాత్రమే రాయాలి. చేతితో నంబర్లు వేసుకునే పుస్తకాలు కూడా బజారులో దొరుకుతాయి. వాటిలో నంబరు వరుస చూసి లాభం తక్కువ. ఒక కాగితం చింపి పారేసి తర్వాతి కాగితానికి అదే నంబరు వేయవచ్చు, ఎవరికీ తెలియదు. నంబరు అచ్చయి ఉన్నప్పుడే దానికి సాక్ష్యం విలువ.

ఫొటో విషయానికి వస్తే, కాగితం నాలుగు మూలలూ కనబడాలి. ఫోను కాగితానికి నేరుగా పైన ఉండాలి. ఫ్లాష్ వేస్తే కార్బన్ నీలం తేలిపోతుంది, కాబట్టి పగటి వెలుతురులో కిటికీ పక్కన తీయడం మంచిది. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే బొమ్మ కుదించుకుపోయి, అసలే మసకగా ఉన్న నకలులో 3 కూ 8 కీ తేడా పోతుంది. డాక్యుమెంటుగా పంపితే ఉన్నది ఉన్నట్టు వస్తుంది. ఆఖరి వోచరు తర్వాత ఉన్న ఖాళీ వోచరును కూడా ఒక ఫొటో తీయించాలి. లెక్క ఎక్కడ ఆగిందో చెప్పేది ఆ ఖాళీ కాగితమే. మా పుస్తకంలో ఆ పక్షానికి వోచర్లు 151 నుంచి 174 వరకు. 175 ఖాళీగా ఉన్నట్టు ఫొటో ఉంది. అంటే పెట్టె లెక్కపెట్టిన తర్వాత కొత్త వోచరు ఏదీ రాయలేదు. ఈ ఒక్క పని ఆ కుర్రవాడు ఎవరూ చెప్పకుండానే చేశాడు.

ఇక ఎత్తి రాయడం. రిజిస్టరులో మొదటి గడి ఫొటో పేరుకు కేటాయించాలి. ఫోనులో `IMG-20240716-WA0007.jpg` అని కనబడే పేరును అలాగే రాసుకోవాలి. రేపు ఎవరైనా ఈ అంకె ఎక్కడిది అని అడిగితే వెంటనే ఆ బొమ్మ తీసి చూపవచ్చు. ఆ తర్వాత వోచరు నంబరు, తేదీ, ఎవరికి, దేనికి, అంకెల్లో మొత్తం, అక్షరాల్లో మొత్తం, రాసినవారి సంతకం, మంజూరు చేసినవారి సంతకం, పుచ్చుకున్నవారి సంతకం, బిల్లు ఉందా లేదా, చివర ఒక రిమార్కుల గడి. ఫొటోలు వచ్చిన వరుసే వోచర్ల వరుస అని నమ్మకూడదు. ఒక్కోసారి ఐదో ఫొటో మూడోదాని కంటే ముందు చేరుతుంది.

రాసేటప్పుడు పాటించవలసిన నియమం కఠినమైనది. కాగితం మీద ఏముందో అదే రాయాలి. తప్పు కనబడినా దిద్దకూడదు. తేదీ వేయకపోతే ముందు వెనుక వోచర్లను బట్టి ఊహించి వేయకూడదు, "తేదీ లేదు" అని రాయాలి. అంకె చదవలేకపోతే చదవలేదని రాయాలి. మన ప్రాంతంలో మేస్త్రీలు, దుకాణదారులు ఐదు వందలను 500/- అని రాస్తారు. తొందరలో ఆ గీత నిలువుగా పడితే 5001 లాగా కనబడుతుంది. ఒకటి, ఏడు కూడా అలాగే మోసం చేస్తాయి. ఇలాంటి చోట మనల్ని ఆదుకునేది అక్షరాల్లో రాసిన మొత్తం. అందుకే అంకెలకొక గడి, అక్షరాలకొక గడి. రెండింటినీ విడివిడిగా, ప్రతిసారీ ఫొటో చూసి రాయాలి.

నేను అలా చేయలేదు. ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. ఇరవై మూడు ఫొటోలు, మధ్యాహ్నం లోపల ఇవ్వమన్నారు. అంకె ఫొటో చూసి కొట్టాను. అక్షరాల గడి మాత్రం నేను కొట్టిన అంకె చూసి నింపాను. ఇలా నింపితే ఆ గడి ఉన్నా లేనట్టే. నా తప్పుకు నా తప్పే సాక్ష్యం చెబుతుంది.

ఇప్పుడు నంబర్ల తనిఖీ. రిజిస్టరును వోచరు నంబరు వరుసలో అమర్చి, ప్రతి నంబరులోంచి దాని పై నంబరు తీసివేయాలి. నంబర్లు B గడిలో ఉన్నాయనుకుంటే సూత్రం ఇది:

```
=B3-B2
```

దీనిని కిందివరకు లాగితే అన్నిచోట్లా 1 రావాలి. 0 వస్తే ఒకే నంబరు రెండుసార్లు పడిందన్నమాట. 2 వస్తే మధ్యలో ఒకటి లేదు. రిజిస్టరు చేత్తో రాసేవారు 151 నుంచి 174 వరకు అంకెలు ఒక కాగితం మీద వేసుకుని, ఫొటో చూసినకొద్దీ ఒక్కొక్కటి కొట్టేసుకుంటూ పోయినా ఇదే ఫలితం వస్తుంది. 151 నుంచి 174 వరకు ఎన్ని వోచర్లు అన్నప్పుడు చాలామంది 23 అంటారు. కాదు, 24. రెండు కొసలూ లెక్కలోకి వస్తాయి. నాకు వచ్చిన ఫొటోలు సరిగ్గా 23, అదనంగా ఖాళీ కాగితం ఒకటి. ఆ 23 చూసే నేను అన్నీ వచ్చేశాయని తృప్తి పడ్డాను.

రెండోసారి ఈ తీసివేత వేసి చూస్తే మూడు చోట్ల 1 రాలేదు. 158 రెండుసార్లు ఉంది. 163 లేదు. 170 లేదు. అంటే ఉన్న వోచర్లు నిజానికి 22.

158 ని అతను రెండుసార్లు ఫొటో తీశాడు. మొదటిది కదిలిపోయిందని మళ్లీ తీసి, రెండూ పంపాడు. ఆ వోచరు 340 రూపాయలు. నేను రెండూ ఎక్కించాను. కనుక నా ఖర్చు మొత్తం 340 ఎక్కువ చూపిస్తున్నది. దానిని తీసివేశాను. ఇక్కడే ఒక చిత్రం జరిగింది. తప్పు దిద్దితే తేడా తగ్గాలి కదా? పెరిగింది. మొదట 23 వరుసల మొత్తం 8,186. పదివేలలోంచి తీసివేస్తే 1,814 ఉండాలి. పెట్టెలో ఉన్నది 1,534. తేడా 280. ఇప్పుడు మొత్తం 7,846 అయింది. ఉండవలసింది 2,154. తేడా 620. తప్పును దిద్దిన ఫలితంగా ఆ కుర్రవాడు 280 కి బదులు 620 కి దొంగ అయ్యాడు.

ఈ సందర్భంలో చాలామంది భయపడి దిద్దుబాటు వెనక్కి తీసుకుంటారు, లేదా ముందున్న తేడాయే నయమని ఊరుకుంటారు. అలా చేయకూడదు. ఒక తప్పు ఖర్చును పెంచి, మరొక తప్పు తగ్గించి, రెండూ ఒకదాన్నొకటి కొంత కప్పుకుని ఉంటాయి. ఒక కప్పు తీస్తే రెండోది బయటపడుతుంది. దిద్దినది సరైనదా కాదా అన్నదానికి ఆధారం కాగితం. తేడా తగ్గిందా పెరిగిందా అన్నది ఆధారం కాదు.

163, 170 ఎక్కడున్నాయని ఫోను చేశాను. 163 రద్దు చేసిన వోచరు. రద్దు చేసినదానికి ఫొటో ఎందుకని అతను తీయలేదు. తీయించాను. అసలు, నకలు రెండూ పుస్తకంలోనే ఉన్నాయి. రెంటి మీదా అడ్డంగా గీత గీసి "రద్దు" అని రాసి ఉంది. రద్దయిన వోచరుకు ఇదే నియమం, రెండు కాగితాలూ కనబడాలి. అసలు కాగితం చింపి ఎక్కడో పోయి, నకలు మీద మాత్రం రద్దు అని ఉంటే, ఆ అసలుతో ఎవరైనా డబ్బు తీసుకున్నారేమో విచారించవలసి వస్తుంది. రిజిస్టరులో 163 వరుసను వదలకుండా, మొత్తం దగ్గర సున్నా వేసి, రద్దు అని రాశాను. 170 సంగతి వేరు. పుస్తకం మీద చాయ్ ఒలికి రెండు కాగితాలు అంటుకున్నాయి. తిప్పేటప్పుడు రెండూ కలిసి తిరిగాయి. అది 350 రూపాయలు, ఇబ్రహీంపట్నం నుంచి సామాను తెచ్చిన ఆటో ట్రాలీ కిరాయి. దాన్ని చేర్చితే మొత్తం 8,196. ఉండవలసిన నిల్వ 1,804. తేడా 270.

నంబర్లన్నీ దొరికాయి. ఇంకా 270 దొరకలేదు. ఇలాంటప్పుడు పాత గుమాస్తాలు చేసే మొదటి పని తేడాను తొమ్మిదితో భాగించి చూడడం. 280 గాని 620 గాని తొమ్మిదితో పోవు. 270 పోతుంది. అంకెలు తారుమారైతే తేడా ఎప్పుడూ తొమ్మిదితో పోతుంది. కారణం కష్టమైనది కాదు. 52 లో ఐదు పదులు, రెండు ఒకట్లు. 25 లో రెండు పదులు, ఐదు ఒకట్లు. అయిదును పదుల స్థానం నుంచి ఒకట్ల స్థానానికి దింపితే అయిదు తొమ్ములు పోతాయి, రెండును పైకెక్కిస్తే రెండు తొమ్ములు వస్తాయి. తేడా మూడు తొమ్ములు, అంటే 27. వందలు, పదుల స్థానాల్లో ఇదే జరిగితే 270. కాబట్టి మనం వెతకవలసినది వందల అంకె, పదుల అంకె మధ్య మూడు తేడా ఉన్న మొత్తాన్ని. అదీగాక నా ఖర్చు అసలు కంటే తక్కువ పడింది. కనుక నేను రాసినదానిలో వందల అంకె చిన్నదై ఉండాలి. ఇరవై నాలుగు వరుసలు వెతికే శ్రమ ఇలా రెండు వరుసలకు దిగింది. 159 లో 250, 173 లో 360.

ఒక హెచ్చరిక చేయాలి. తేడా తొమ్మిదితో పోయినంత మాత్రాన అంకెలు తారుమారయ్యాయని తీర్పు చెప్పకూడదు. ఏ సంఖ్య తీసుకున్నా తొమ్మిదింటిలో ఒకటి ఊరికే తొమ్మిదితో పోతుంది. నిజంగానే పెట్టెలోంచి 270 పోయి ఉండవచ్చు. ఎక్కడ వెతకాలో ఈ గుర్తు చెబుతుంది, అంతే.

173 ఫొటో తీశాను. అంకె 360, అక్షరాల్లో "మూడు వందల అరవై". సరిగా ఉంది. 159 ఫొటో తీశాను. అంకె 520. కింద అక్షరాల్లో, కాస్త మసకగా, "ఐదు వందల ఇరవై". నా రిజిస్టరులో 250, దాని పక్కన అక్షరాల గడిలో నేనే నింపిన "రెండు వందల యాభై". ఆ రెండో గడిని ఫొటో చూసి నింపి ఉంటే ఆ ఉదయమే పట్టుబడేది. దిద్దితే మొత్తం 8,466. పదివేలలోంచి తీసివేస్తే 1,534. పెట్టెలో ఐదు వందల నోట్లు రెండు, రెండు వందల నోటు ఒకటి, వంద నోట్లు రెండు, యాభై ఒకటి, ఇరవైలు రెండు, పదులు నాలుగు, చిల్లర నాలుగు రూపాయలు. మొత్తం 1,534. తాళా పడింది.

నోట్లను ఇలా విడివిడిగా రాయించడం కూడా అవసరమే. "పెట్టెలో 1,534 ఉన్నది" అని ఒక్క మాటలో రాస్తే, అది లెక్కపెట్టి రాశారో, రిజిస్టరు నిల్వ చూసి రాశారో తెలియదు. లెక్క పెట్టినవారు, పెట్టె ఉంచుకున్నవారు ఇద్దరూ ఆ కాగితం మీద సంతకం చేయాలి. రిజిస్టరులో నిల్వ గడికి సూత్రం ఇలా వేసుకుంటే (మొత్తం F లో, నిల్వ M లో) ఏ వోచరు దగ్గర ఎంత ఉండాలో కనబడుతుంది:

```
=M2-F3
```

మధ్యలో ఎక్కడైనా నిల్వ సున్నా కిందికి పోతే అది గట్టి ప్రమాద సూచన. పెట్టెలో లేని డబ్బు ఎవరూ ఇవ్వలేరు. తేదీ తప్పయి ఉండాలి, లేదా సొంత జేబులోంచి ఇచ్చి చెప్పకుండా ఉండాలి, లేదా వోచరే కల్పితమై ఉండాలి. మా లెక్కలో అలా జరగలేదు.

నిల్వ సరిపోయిందనగానే యజమాని ఫైలు మూసేయమన్నారు. నేను వద్దన్నాను. పొద్దున ఒకసారి తొందరపడినవాణ్ణి కాబట్టి కొంత భయం పట్టుకుంది. నిల్వ సరిపోతే తేలేది ఒకటే, వోచర్లలో రాసినంత డబ్బు పెట్టెలోంచి పోయింది. అది వోచరులో రాసిన మనిషికే, రాసిన పనికే పోయిందని నిల్వ చెప్పదు. అది చెప్పవలసినవి సంతకాలు, బిల్లులు.

సంతకాల గడి నింపేటప్పుడు కూడా ఊహ పనికిరాదు. గీతలు చూసి పేరు రాయకూడదు. "ఉంది", "నకలులో లేదు", "వేలిముద్ర", "చదవలేము", ఈ నాలుగు మాటల్లో ఏదో ఒకటి చాలు. అలా నింపి చూస్తే మూడు వోచర్ల దగ్గర ఆగవలసి వచ్చింది.

మొదటిది 172. నీళ్ల ట్యాంకరుకు 1,200 రూపాయలు, రెండు ట్యాంకర్లు, ఒక్కొక్కటి ఆరు వందలు. పుచ్చుకున్నవారి సంతకం నకలులో లేదు. అసలు కాగితం ఫొటో తీయించాను, దాని మీదా లేదు. పైగా తేదీ జూలై 14. క్యాలెండరు చూస్తే ఆదివారం. సైటుకు సెలవు. ఇంకేముంది, దొరికాడు అనిపిస్తుంది. కాని కాంక్రీటు వేసిన తర్వాత క్యూరింగుకు నీళ్లు సెలవు రోజు కూడా పోయాలి. సంపు నింపడానికి ట్యాంకరు ఆదివారం రావడంలో వింత లేదు. డ్రైవరు తొందరలో సంతకం పెట్టకుండా వెళ్లాడని అతను చెప్పాడు. నమ్మవచ్చు, నమ్మకపోవచ్చు. లెక్కలో మాత్రం అది సంతకం లేని వోచరే.

రెండోది ఒక జంట, 155, 166. ఒకటి ఆటో డ్రైవరుది, ఇంకొకటి ఒక కూలీది. రెండు ఫొటోలూ తెర మీద పక్కపక్కన పెట్టి పెద్దవి చేసి చూస్తే, మొదటి అక్షరం తిప్పిన తీరు, చివర గీత లాగిన తీరు ఒకేలా ఉన్నాయి. ఇక్కడ మన హద్దు మనకు తెలియాలి. ఫొటోలో కలం ఒత్తిడి కనబడదు, సిరా తేడా కనబడదు. పైగా ఇది కార్బన్ నకలు. "దొంగ సంతకం" అనే మాట రాయడానికి మనకు అర్హత లేదు. "155, 166 లో పుచ్చుకున్నవారి సంతకాలు ఒకే తీరుగా కనబడుతున్నవి, విచారించాలి" అని మాత్రమే రాశాను. అడిగితే కుర్రవాడు వెంటనే చెప్పాడు. "కూలీకి రాయస్తలేదన్నా. స్టాంప్ ప్యాడు ఎండిపోయింది. యాలిముద్ర పడలే. నేనే పెట్టిన." ఆటో డ్రైవరుది కూడా తనే పెట్టాడట, ఆయన బండి దిగనన్నాడని. డబ్బు ముట్టిన మాట నిజమే కావచ్చు. అయినా ఇంకొకరి చోట మన సంతకం పెట్టడమంటే, రేపు ఆ కూలీ నాకు రాలేదంటే మన చేతిలో ఏమీ లేనట్టే. రాయడం రానివారి దగ్గర ఎడమ బొటనవేలి ముద్ర తీసుకుని, పక్కన వారి పేరు రాసి, మరొకరు సాక్షి సంతకం పెట్టడం పాత పద్ధతి. ఇప్పటికీ అదే పద్ధతి.

మూడోది 161. ఇందులో సంతకాలన్నీ ఉన్నాయి, అంకెలూ అక్షరాలూ కలిశాయి, 450. బిల్లు తీసి చూస్తే 405. తేడా 45, ఇది కూడా తొమ్మిదితో పోతుంది! అంకెల తారుమారే అని నేను సంబరపడ్డాను. కాని పెట్టెలో నిల్వ కలిసింది కదా. అంటే 450 నిజంగానే పోయింది. 405 ఇచ్చి 450 అని రాసి ఉంటే పెట్టెలో 45 ఎక్కువ ఉండాలి, లేదా ఆ 45 ఎవరి జేబులోనో ఉండాలి. అడిగితే, ఇబ్రహీంపట్నం బజారుకు వెళ్లి రావడానికి ఆటోకు 45 అయిందని, దానికి వేరే వోచరు ఎందుకని దీనిలోనే కలిపానని చెప్పాడు. తొమ్మిది గుర్తును నమ్మి తీర్పు చెప్పవద్దని పైన అన్నది ఇందుకే. వోచరు మీద దిద్దనివ్వలేదు. దాని వెనుక "బిల్లు 405, ఆటో 45" అని ఆ రోజు తేదీతో రాయించి, అతనూ ఇంజనీరూ సంతకం చేశారు. రిజిస్టరులో మొత్తాన్ని ముట్టుకోకుండా రిమార్కుల గడిలో ఎక్కించాను.

సంతకాల మాట వచ్చింది కాబట్టి రెవెన్యూ స్టాంపు గురించి ఒక మాట. అయిదు వేల రూపాయలు దాటిన రసీదు మీదనే రూపాయి స్టాంపు అంటించి దాని మీదుగా సంతకం చేయించాలి. 2004 వరకు ఈ హద్దు అయిదు వందలు ఉండేది. పాత పుస్తకాలు చదివినవారు ఇప్పటికీ ప్రతి చిన్న వోచరుకూ స్టాంపు అడుగుతుంటారు. మా పుస్తకంలో అన్నిటికంటే పెద్దది 1,200, కాబట్టి ఆ ప్రసక్తి రాలేదు.

ఇక డబ్బు పంపే పని. 8,466 పంపితే పదివేలు నిండుతుంది. కాని 172 కు సంతకం లేదు. అది వచ్చేవరకు ఆ 1,200 ఆపి 7,266 పంపమని నేను సలహా ఇచ్చాను. యజమాని ఒప్పుకున్నారు. పెట్టెలో ఉన్న 1,534, పంపిన 7,266 కలిపి 8,800. దానికి డబ్బు రాని వోచరు 1,200 కలిపితే పదివేలు. మొదట చెప్పిన సూత్రం వోచరును ఆపి ఉంచినప్పుడు కూడా చెడలేదు. జీతంలో కోత మాట మాత్రం యజమాని మళ్లీ ఎత్తలేదు. పొద్దున చెప్పిన 280 తప్పు నాదేనని నేనే ఆయనకు చెప్పి, ఆ తర్వాత శేరిగూడకు ఫోను చేసి ఆ కుర్రవాడికి కూడా చెప్పాను. అతను, "సరే అన్నా, తేలింది గద" అన్నాడు.

రెండు రోజుల తర్వాత ట్యాంకరు డ్రైవరు మళ్లీ నీళ్లు తెచ్చినప్పుడు అతని చేత 172 అసలు మీద సంతకం చేయించారు. జూలై 14 తేదీ వేయబోతే ఇంజనీరు ఆపి, ఆ రోజు తేదీయే వేయించారట. అసలు మీద సంతకం ఉంది, నకలు మీద లేదు. ఎందుకు లేదో రిజిస్టరులో రాసి ఉంది. మిగిలిన 1,200 మర్నాడు పంపాము. తర్వాతి పక్షం ఫొటోల్లో మొదటిది 175. స్టాంప్ ప్యాడుకు సిరా, 30 రూపాయలు, బిల్లు ఉంది, దుకాణదారు సంతకం ఉంది.